భుజం నుంచి వైశాల్యానికి

0 నుంచి 2 మీటర్ల మధ్య ఏ పొడవైనా సమానావకాశంతో వచ్చేలా ఒక భుజాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుని చతురస్రం గీశామనుకుందాం. వైశాల్యం 0 నుంచి 4 చదరపు మీటర్ల దాకా ఎంతైనా రావచ్చు. మరి వైశాల్యాలకూ సమానావకాశమేనా? కాదు. భుజం 1 మీటరు లోపు వచ్చే అవకాశం సగం. అప్పుడు వైశాల్యం కూడా 1 లోపే ఉంటుంది. అంటే వైశాల్యాల పరిధిలో మొదటి పావు భాగంలోనే సగం సంభావ్యత పోగుపడింది.

ఎందుకిలా అయిందో తెలియాలంటే ఒక చిన్న ముక్కను పట్టుకుని చూడాలి. భుజం 1.50, 1.51ల మధ్య పడే సంభావ్యత 0.005. ఈ ముక్కను వర్గం చేస్తే అది 2.25 నుంచి 2.2801 దాకా, అంటే 0.0301 వెడల్పుకు సాగుతుంది. సంభావ్యత మాత్రం అదే 0.005. దాన్ని కొత్త వెడల్పుతో భాగిస్తే సాంద్రత సుమారు 0.166 వస్తుంది. చలరాశి మార్పు పద్ధతి మొత్తం ఈ భాగహారంలోనే ఉంది: సంభావ్యత మారదు, అది పరుచుకునే వెడల్పు మారుతుంది.

ముక్కను ఇంకా ఇంకా సన్నం చేస్తూ పోతే ఆ వెడల్పుల నిష్పత్తే అవకలజం అవుతుంది. వైశాల్యం y అయితే భుజం √y, దాని అవకలజం 1/(2√y). భుజం సాంద్రత 1/2ను దీనితో గుణిస్తే

f(y) = 1/(4√y), 0 < y < 4

2.25 దగ్గర ఇది 1/6. పైన చేత్తో లెక్కకట్టినదీ దాదాపు అంతే. సున్నా దగ్గరికి వెళ్లేకొద్దీ ఈ విలువ 1ని దాటి అంతులేకుండా పెరుగుతుంది. అందులో తప్పేమీ లేదు. సాంద్రత అంటే సంభావ్యత కాదు, రేఖ కింది వైశాల్యమే సంభావ్యత.

విద్యార్థులు ఎక్కువగా మరిచిపోయేది అవకలజాన్నే. x స్థానంలో √y పెట్టి ఊరుకుంటే సాంద్రత 1/2గానే మిగులుతుంది. 4 పొడవున్న పరిధిపై మొత్తం సంభావ్యత 2 అవుతుంది. మొత్తం 1 రాకపోతే లెక్క తప్పినట్టే.

ఇప్పుడు x, −1 నుంచి 2 దాకా సమానంగా పరుచుకున్న సంఖ్య అనుకోండి. సాంద్రత 1/3. y = 0.25 అనేది 0.5 నుంచీ రావచ్చు, −0.5 నుంచీ రావచ్చు. రెండు దారుల్లో వచ్చినదాన్నీ కలపాలి. రుణ వైపు x పెరిగితే y తగ్గుతుంది కాబట్టి అవకలజం రుణాత్మకం. సాంద్రతకు కావలసింది వెడల్పే కనుక గుర్తు వదిలేసి పరమమూల్యం తీసుకుంటాం. 0 నుంచి 1 దాకా సాంద్రత 1/(3√y). 1 దాటాక రుణ వైపు దారి మూసుకుపోతుంది, 1/(6√y) మాత్రమే మిగులుతుంది. y = 1 దగ్గర రేఖ ఒక్కసారిగా సగానికి పడిపోతుంది. సరిచూస్తే మొదటి భాగం 2/3, రెండోది 1/3, మొత్తం 1.

ఈ పద్ధతి పనిచేయని చోటు కూడా ఉంది. అదే x రుణాత్మకమైతే 0 అనీ, లేకపోతే ఉన్నదున్నట్టుగా ఉంచాలనీ నియమం పెట్టామనుకోండి. −1 నుంచి 0 దాకా ఉన్న ముక్క మొత్తం ఒక్క బిందువుకు కుదించుకుపోతుంది. భాగించడానికి వెడల్పే మిగలదు. 1/3 సంభావ్యత సున్నా మీద ముద్దగా కూర్చుంటుంది. దాన్ని విడిగా రాసి, మిగతా భాగానికే సాంద్రత చెప్పాలి.