బటన్ మీద వేసిన అంకె

మా చెల్లెలు విజయవాడలో ఇంటి నుంచే గ్రాఫిక్ డిజైన్ పని చేస్తుంది. రెండేళ్ల కిందట హైదరాబాదులోని ఒక కంపెనీకి ప్రొడక్ట్ బ్రోచర్లు చేసిచ్చి, 60,000 రూపాయలకు బిల్లు పంపింది. బిల్లు కింద నీలం రంగులో అందమైన పే బటన్ పెట్టింది. నొక్కితే చాలు, 60,000 కట్టే పేజీ తెరుచుకుంటుంది. నెల గడిచింది, డబ్బు రాలేదు. పని ఇచ్చిన మేనేజర్‌ని అడిగితే "అకౌంట్స్‌కి పంపేశానండీ" అన్నాడు. చివరికి ఆమే అకౌంట్స్‌కి ఫోన్ చేసింది. అవతలి ఆవిడ చాలా మర్యాదగానే చెప్పింది: "మేడమ్, మేం టీడీఎస్ కోసుకుని 54,000 కట్టాలండీ. మీ లింకులో 60,000 తప్ప వేరే అంకె పడట్లేదు. మీ బ్యాంకు వివరాలేమో బిల్లులో లేవు. అందుకే పక్కన పెట్టాం."

ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ ఎగ్గొట్టాలనుకోలేదు. బిల్లు మీద ఒక అంకె తప్పు పడింది, ఇంకో నాలుగు లైన్లు లేవు. నలభై రోజులు అక్కడే పోయాయి.

అప్పటి నుంచి ఆమె బిల్లు రాసే పద్ధతి దగ్గరుండి చూస్తున్నాను. ఆమె పట్టుకున్న అసలు కిటుకు ఒక్కటే. బిల్లు చదివేది పని చేయించుకున్న మనిషి కాదు. మన పని ఎన్నడూ చూడని, మన పేరు కూడా తెలియని అకౌంట్స్ ఉద్యోగి. ఆ మనిషికి వచ్చే ప్రతి ప్రశ్నకూ జవాబు ఆ కాగితంలోనే దొరకాలి.

ముందు మొత్తం సంగతి. డిజైనింగ్, అనువాదం, కన్సల్టింగ్ లాంటి వృత్తి సేవలకు కంపెనీ డబ్బిచ్చేటప్పుడు, ఒక ఆర్థిక సంవత్సరంలో ఆ చెల్లింపులు 50,000 దాటితే సాధారణంగా 10 శాతం టీడీఎస్ కోయాలి. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 30,000 ఉండేది. కొన్ని సాంకేతిక సేవలకు 2 శాతమే కోస్తారు. ఆ డబ్బు ఎక్కడికీ పోదు. మన పాన్ కింద ప్రభుత్వానికి జమ అవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది. కానీ ఆ రోజు మన ఖాతాలోకి వచ్చేది తొంభై శాతమే. సొంత అవసరానికి పెళ్లికార్డు వేయించుకునే వ్యక్తికి మామూలుగా ఈ గొడవ లేదు, అతను పూర్తి మొత్తం కడతాడు. అందుకే పని ఒప్పుకునేటప్పుడే ఒక మాట అడగాలి: "టీడీఎస్ ఎంత కోస్తారండీ?" సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదిది. అకౌంట్స్ వాళ్లకు ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే గౌరవం.

ఇటీవల ఆమె పంపిన బిల్లునే తీసుకుందాం. ఒప్పందం మళ్లీ 60,000కే, సగం ముందు, సగం పని అయ్యాక. రెండో సగానికి బిల్లు ఇలా ఉంది: బ్రోచర్ డిజైన్, రెండో వాయిదా 30,000. దాని కిందే టీడీఎస్ 10 శాతం 3,000. ఇప్పుడు చెల్లించాల్సింది 27,000. బటన్ మీద కూడా అదే అంకె, 27,000. బిల్లు మొత్తం మాత్రం 30,000గానే ఉంచాలి, ఎందుకంటే మన ఆదాయం అదే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు జీఎస్టీని విడిగా చూపిస్తే టీడీఎస్ ఫీజు మీదే లెక్కవుతుంది, పన్ను మీద కాదు. మా చెల్లెలి ఏడాది రాబడి 20 లక్షల లోపే కాబట్టి ఆమె రిజిస్ట్రేషన్ తీసుకోలేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు.

ఇక బటన్. చాలామంది ముందుగా చేసే పని, తమ సొంత యూపీఐ ఐడీతో లింకు తయారుచేసుకోవడం. అది ఇలా ఉంటుంది:

```
upi://pay?pa=yourid@bank&pn=YourName&am=27000.00&cu=INR
```

`pa` అంటే డబ్బు చేరాల్సిన ఐడీ, `am` అంటే మొత్తం. చూడటానికి బాగుంటుంది, ఖర్చు లేదు. కానీ ఇది ఫోన్‌లో యూపీఐ యాప్ ఉంటేనే తెరుచుకుంటుంది. అకౌంట్స్ ఉద్యోగి కూర్చునేది కంప్యూటర్ ముందు. అక్కడ నొక్కితే ఏమీ జరగదు. పైగా వ్యక్తిగత ఐడీతో చేసిన లింకుల్ని కొన్ని యాప్‌లు భద్రత పేరుతో తిరస్కరిస్తాయి. పక్కింటివాళ్లకు పంపడానికి సరే, కంపెనీకి పనికిరాదు.

కంపెనీకైతే పేమెంట్ గేట్‌వే ద్వారా లింకు చేసుకోవడం మేలు. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటివి ఈ సేవ ఇస్తున్నాయి. పాన్, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చి కేవైసీ పూర్తి చేస్తే ఖాతా తెరుస్తారు. మా చెల్లెలు వాడేది రేజర్‌పే. అందులో `Payment Links` లోకి వెళ్లి కొత్త లింకు సృష్టిస్తుంది. మొత్తం 27,000 వేస్తుంది, దేనికోసమో రాస్తుంది, రిఫరెన్స్ గడిలో బిల్లు నంబరు వేస్తుంది. ఆ నంబరే లేకపోతే నెల చివర్లో ఏ డబ్బు ఏ బిల్లుదో తేల్చుకోవడానికి ఒక ఆదివారం పోతుంది. విడతలుగా కట్టే వీలు కూడా అక్కడ ఉంటుంది కానీ ఆమె వాడదు. 30,000 లింకులో 27,000 కడితే మిగతా 3,000 బాకీగానే కనిపిస్తూ ఉంటుంది, అది ఎప్పటికీ రాదు కదా.

లింకుకు గడువు తేదీ పెట్టేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. బిల్లు గడువు 25వ తేదీ అయితే లింకు గడువు కూడా 25 అని పెట్టేస్తారు. కంపెనీ రెండు రోజులు ఆలస్యంగా కట్టబోతే "లింకు గడువు ముగిసింది" అని వస్తుంది, బిల్లు మళ్లీ పక్కకు పోతుంది. లింకు గడువు కనీసం ఒక నెల ముందుకు ఉండాలి.

గేట్‌వేకి రుసుము ఉంటుంది. కార్డు, నెట్‌బ్యాంకింగ్ చెల్లింపులకు సాధారణంగా సుమారు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. 27,000కి లెక్కేస్తే 540, దాని మీద 97 రూపాయల 20 పైసలు, అంటే దాదాపు 637 రూపాయలు తగ్గుతాయి. చేతికి వచ్చేది 26,362 రూపాయల 80 పైసలు. డబ్బు ఖాతాలో పడటానికి రెండు పనిదినాలు పట్టవచ్చు. ఈ ఖర్చును చివర్లో క్లయింటు నెత్తిన వేయడం తప్పు. కోట్ చేసేటప్పుడే ధరలో కలుపుకోవాలి.

లింకు వచ్చాక దాన్ని బిల్లులో బటన్‌గా మార్చడం తేలిక. గూగుల్ డాక్స్‌లో ఒక గడి ఉన్న టేబుల్ వేసి, రంగు నింపి, "₹27,000 చెల్లించండి" అని రాసి, ఆ అక్షరాలను ఎంచుకుని Ctrl+K నొక్కి లింకు అతికించాలి. తర్వాత `File > Download > PDF Document`. ఇక్కడ జాగ్రత్త: ప్రింట్ ఆప్షన్‌తో పీడీఎఫ్ చేస్తే చాలాసార్లు లింకు చచ్చిపోతుంది. బొమ్మ మాత్రం బటన్‌లాగే కనిపిస్తుంది, నొక్కితే కదలదు. అందుకే పంపేముందు ఆమె తన మెయిల్‌కే పంపుకుని, ఫోన్‌లో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి నొక్కి చూస్తుంది. పేజీలో తన పేరు, 27,000 కనిపిస్తేనే క్లయింటుకు పంపుతుంది.

బటన్ కింద బ్యాంకు వివరాలు కూడా తప్పకుండా ఉండాలి: ఖాతాదారు పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, పాన్. ఎందుకంటే చాలా కంపెనీలు ఎవరి లింకూ నొక్కవు, బ్యాంకు నుంచి నెఫ్ట్ మాత్రమే పంపుతాయి. వర్క్ ఆర్డర్ నంబరు ఇచ్చి ఉంటే అదీ రాయాలి. అది లేని బిల్లును కొన్నిచోట్ల సిస్టమ్‌లోకే ఎక్కించుకోరు. మా చెల్లెలు ఇంకో లైను చేరుస్తుంది: "బ్యాంకు వివరాలు మారితే ఫోన్‌లోనే చెబుతాం, మెయిల్ నమ్మవద్దు." బిల్లు మెయిళ్లను దొంగచాటుగా చూసి ఖాతా నంబరు మార్చి పంపే మోసగాళ్లు ఉన్నారు కాబట్టి ఆ లైను విలువైనదే.

షరతుల దగ్గర అందరూ తొందరపడతారు. "30 రోజుల్లో చెల్లించాలి" అని రాస్తారు. ఏ రోజు నుంచి 30? బిల్లు తేదీ నుంచా, అందిన రోజు నుంచా, మేనేజర్ సంతకం పెట్టిన రోజు నుంచా? ఎవరికి అనుకూలమైన అర్థం వాళ్లు తీసుకుంటారు. ఆమె బిల్లులో రోజులు ఉండవు, తేదీ ఉంటుంది. అసలు మాటలు ఇవి: "చెల్లింపు గడువు: 2025 నవంబర్ 25. ఫైళ్లు అందిన 7 రోజుల్లో మార్పులు చెప్పకపోతే పని ఆమోదించినట్టే. ధరలో రెండు విడతల మార్పులు కలిసి ఉన్నాయి. గడువు దాటితే ఒప్పందం ప్రకారం నెలకు 1.5 శాతం." ఇందులో చివరి మాటకు బలం "ఒప్పందం ప్రకారం" అన్న దానిలోనే ఉంది. పని మొదలుపెట్టే ముందు మెయిల్‌లో ఇవే షరతులు పెట్టి, వాళ్లు "సరే" అని రాసిన జవాబు ఉంచుకుంది. ఆఖరి బిల్లులో మొదటిసారి వడ్డీ మాట రాస్తే అది బేరం అవుతుంది, షరతు కాదు.

గడువుకు మూడు రోజుల ముందు ఒక చిన్న వాట్సాప్ సందేశం పంపుతుంది: "నమస్కారమండీ. బిల్లు నంబరు 7, 27,000 రూపాయలు, గడువు 25. లింకు ఇదిగో. ఏదైనా కాగితం తక్కువైతే చెప్పండి." అడగడం మొరటుగా ఉంటుందని వెనకాడేవాళ్లు చివరి వాక్యం చూడాలి. ఆ ప్రశ్న ఉంది కాబట్టే "మీ పాన్ కాపీ లేదండీ" అనే జవాబు గడువుకు ముందే వస్తుంది.

ఆ బిల్లుకు డబ్బు 24న వచ్చింది. నెఫ్ట్‌లో వచ్చింది, బటన్ ఎవరూ నొక్కలేదు. ఆమె వెంటనే రేజర్‌పేలో ఆ లింకును రద్దు చేసింది. చేయకపోతే అకౌంట్స్‌లో ఇంకొకరు పాత మెయిల్ చూసి రెండోసారి కట్టే ప్రమాదం ఉంది, తిరిగి పంపడం ఇద్దరికీ తలనొప్పి. తర్వాత ఆదాయపన్ను పోర్టల్‌లో 3,000 తన పాన్ కింద పడిందో లేదో చూసుకోవడానికి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంది.

ఇంత చేసినా కట్టనివాళ్లు ఉంటారు. వాళ్ల కోసం 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ఉంది. ఉద్యం పోర్టల్‌లో సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదైన సేవల సంస్థకు, ఒప్పందంలో ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. 2023–24 నుంచి ఇంకో ఒత్తిడి కూడా చేరింది: గడువులో కట్టని మొత్తాన్ని కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేదు, కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. అందుకే మార్చి దగ్గరపడితే అకౌంట్స్ వాళ్లే ఫోన్ చేసి "మీకు ఉద్యం ఉందా మేడమ్?" అని అడుగుతున్నారు. బాకీ మొండికేస్తే ప్రభుత్వ ఎంఎస్ఎంఈ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

ఒంటరిగా పనిచేసే డిజైనరు కూడా ఉద్యంలో నమోదు చేసుకోవచ్చు. ఆధార్, పాన్ ఉంటే చాలు, ప్రభుత్వ పోర్టల్‌లో ఒక్క రూపాయి ఖర్చు లేదు. డబ్బు అడిగే సైట్లు ప్రైవేటువి, వాటి జోలికి పోకండి. నమోదు బాకీ పడ్డాక కాదు, పని ఒప్పుకోకముందే చేసుకోండి. ఆ నంబరును బిల్లు పైభాగంలో, మీ పేరు కిందే రాయండి.