తెలుగు మీడియం నాలుక, ఇంగ్లీషు ఇంటర్వ్యూ
తెలుగు మీడియంలో చదివిన విద్యార్థి క్యాంపస్ ఇంటర్వ్యూలో తడబడేది చాలాసార్లు వ్యాకరణం రాక కాదు, వాక్యాన్ని తెలుగులో కట్టి అనువదించబోయి. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఇంగ్లీషులో కర్త వెంటే రావాలి. ‘నేను ప్రాజెక్టులో సెన్సర్లు అమర్చాను’ అనుకున్నవాడు ‘ఐ’ అనేసి, క్రియ కోసం వెతుక్కుంటూ ఆగిపోతాడు. దీనికి మందు ఆ రెంటినీ జంటగా పలకడం: ‘ఐ ఫిక్స్‌డ్’, ‘వుయ్ టెస్టెడ్’. ప్రాజెక్టు గురించి రోజూ ఒక నిమిషం ఫోన్లో రికార్డు చేసుకుని, విని, ఆగినచోటు గుర్తించి, అదే విషయం మళ్లీ చెప్పాలి. రోజుకో కొత్త విషయం ఎత్తుకుంటే లాభం తక్కువ.

బస్‌ని ‘బస్సు’ అనే అలవాటు కాస్త మిగిలినా నష్టం లేదు. యాస పోగొట్టే కోర్సులకు డబ్బు పోయడం దండగ. బట్టీపట్టిన స్వపరిచయం మాత్రం మొదటి ఎదురు ప్రశ్నకే బయటపడుతుంది.