వీచాట్‌లో డబ్బు వచ్చిందా, వెనక్కి వెళ్లిపోయిందా? రెడ్ ప్యాకెట్, ట్రాన్స్‌ఫర్ స్క్రీన్లను చదవడం ఇలా

వీచాట్ మన దగ్గర 2020 జూన్ 29న బ్యాన్ అయింది. ఆ రోజు కేంద్రం ఆపేసిన 59 యాప్స్‌లో ఇదీ ఉంది. మరి ఇప్పుడు దీని గురించి ఎందుకు అంటారా? మా కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు చైనాలో ఎంబీబీఎస్ చదివే పిల్లలున్న ఇళ్లు ఉన్నాయి. అక్కడ హాస్టల్ ఫీజు షేర్ దగ్గర్నుంచి కూరగాయల బిల్లు దాకా వీచాట్‌లోనే నడుస్తుంది. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు "నేను పంపేశా", "నాకు రాలేదు" అనే గొడవలు స్క్రీన్‌షాట్ల రూపంలో నా దగ్గరికి వస్తుంటాయి. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెప్తుంటారు. తేడా అంతా స్క్రీన్ మీదున్న రెండు మూడు చైనీస్ అక్షరాల్లో ఉంటుంది.

ముందు యూపీఐ అలవాటు పక్కన పెట్టండి

యూపీఐలో మనం పంపిన డబ్బు నేరుగా అవతలి వాళ్ల బ్యాంక్ ఖాతాలో పడుతుంది. వాళ్లు నిద్రపోతున్నా, ఫోన్ ఆఫ్‌లో ఉన్నా పడుతుంది. తీసుకోవడానికి వాళ్లేమీ నొక్కక్కర్లేదు.

వీచాట్ చాట్‌లో పంపే డబ్బు అలా కాదు. పంపినవాళ్ల దగ్గర కట్ అవుతుంది కానీ, అవతలి వాళ్లు ఆ మెసేజ్ తెరిచి తీసుకునేదాకా మధ్యలో ఆగి ఉంటుంది. 24 గంటల్లో తీసుకోకపోతే పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతుంది. అంటే "పంపాను" అనే మాటకీ "అందింది" అనే మాటకీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంది. ఇది రెడ్ ప్యాకెట్‌కీ, ట్రాన్స్‌ఫర్‌కీ రెండింటికీ వర్తిస్తుంది.

ఈ రెండూ వేరు వేరు ఫీచర్లు. రెడ్ ప్యాకెట్ (红包, హోంగ్‌బావ్) అంటే పండక్కి ఎర్ర కవర్లో పెట్టి ఇచ్చే డబ్బులకి డిజిటల్ రూపం. వీచాట్‌లో ఇది 2014లో మొదలైంది. మామూలు రోజుల్లో ఒక ప్యాకెట్‌లో 200 యువాన్లకి మించి పెట్టలేం. ఎంత ఉందో తెరిచేదాకా కనపడదు. ట్రాన్స్‌ఫర్ (转账, జ్వాన్‌జాంగ్) మామూలు లెక్కల కోసం. ఇందులో మొత్తం చాట్‌లోనే పైకి కనిపిస్తుంది.

అక్షరాలు విడదీసి చదవండి

చైనీస్ మొత్తం నేర్చుకోనక్కర్లేదు. ముందు వచ్చే మూడు అక్షరాలు, తర్వాత వచ్చే నాలుగు మాటలు గుర్తుపడితే చాలు.

ముందు వచ్చేవి ఇవి. 已 (యీ) అంటే అయిపోయింది. 未 (వేయ్) అంటే ఇంకా కాలేదు. 待 (దాయ్) అంటే ఎదురుచూస్తోంది. స్క్రీన్‌షాట్ చూడగానే నేను ముందు వెతికేది వీటినే.

తర్వాత వచ్చే మాటల్లో 领取 (లింగ్‌చ్యూ) అంటే ప్యాకెట్ తీసుకోవడం. ఇది రెడ్ ప్యాకెట్ దగ్గర కనిపిస్తుంది. 收款 (షోవ్‌క్వాన్) అంటే డబ్బు స్వీకరించడం. ఇది ట్రాన్స్‌ఫర్ దగ్గర కనిపిస్తుంది. 退还 (త్వేహ్వాన్) అంటే తిరిగి ఇచ్చేయడం. 过期 (గ్వోచీ) అంటే గడువు దాటిపోవడం.

ఇప్పుడు కలిపి చూడండి. 已收款 అంటే స్వీకరించడం అయిపోయింది, డబ్బు అవతలి వాళ్ల దగ్గరుంది. 已退还 అంటే తిరిగి వెళ్లిపోయింది. 已过期 అంటే గడువు దాటింది. యాప్ వెర్షన్‌ని బట్టి వాక్యంలో ఒకటి రెండు మాటలు అటూ ఇటూ మారొచ్చు. కానీ ఈ ముక్కలు మాత్రం అవే ఉంటాయి.

600 యువాన్ల కథ

మా బాబాయి కొడుకు చైనాలో మెడిసిన్ చదువుతున్నాడు. సెలవులకి ఇంటికొచ్చాడు. వాడూ, రూమ్మేటూ కలిసి అద్దెకున్న గది ఖాళీ చేశారు. అడ్వాన్స్‌లో మా వాడి వాటా 600 యువాన్లు. రూమ్మేట్ శుక్రవారం రాత్రి 9:30కి, చైనా టైమ్‌లో, ట్రాన్స్‌ఫర్ చేశాడు. చైనా మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి మనకి అప్పుడు సాయంత్రం 7. ఇక్కడ మా వాడి ఫోన్‌లో వీచాట్ కనెక్టే కావట్లేదు. అంటే శనివారం సాయంత్రం 7కి గడువు అయిపోయింది.

వారం తర్వాత ఇద్దరికీ మాట పెరిగింది. "తమ్ముడూ, నేను ఆ రోజే పంపా, చూడు" అని రూమ్మేట్ స్క్రీన్‌షాట్ పంపాడు. "అన్నా, వీడు నా డబ్బు తినేసేటట్టున్నాడు" అని మా వాడు దాన్ని నాకు చూపించాడు.

ఆ స్క్రీన్‌షాట్‌లో పెద్ద అక్షరాల్లో ¥600.00 ఉంది. ఇద్దరూ చూసింది అంతవరకే. కానీ అంకె పైన ఉన్న వాక్యం 待తో మొదలై 收款తో ముగిసింది. అంటే "అవతలి వాళ్లు స్వీకరించాలని ఎదురుచూస్తోంది" అని. కింద చిన్న అక్షరాల్లో ఇలా ఉంది:

```
1天内朋友未确认,将退还给你
```

"ఒక రోజులోపు మీ ఫ్రెండ్ కన్ఫర్మ్ చేయకపోతే, డబ్బు మీకు తిరిగి ఇచ్చేస్తాం" అని దీని అర్థం. 未 ఎక్కడుందో చూడండి, 退还 ఎక్కడుందో చూడండి. పంపిన వెంటనే తీసిన స్క్రీన్‌షాట్ అది. పంపినట్టు సాక్ష్యమే, కానీ అందినట్టు సాక్ష్యం కాదు.

"స్క్రీన్‌షాట్ వద్దు, ఇప్పుడు ఆ మెసేజ్ మళ్లీ తెరిచి చూడు" అని రూమ్మేట్‌కి చెప్పించాను. తెరిస్తే గడువు దాటి తిరిగి వచ్చేసినట్టు ఉంది. తర్వాత వాలెట్‌లో 零钱 (లింగ్‌చ్యెన్) అనే బ్యాలెన్స్ లెక్కలు చూసుకున్నాడు. 600 యువాన్లు అక్కడే ఉన్నాయి. ఆ బ్యాలెన్స్‌లోంచే రోజూ ఖర్చుపెడుతుంటే, వచ్చి చేరిన 600 అతని కంట పడలేదు.

"అయితే 200 చొప్పున మూడు రెడ్ ప్యాకెట్లు పంపనా?" అని అడిగాడు. దానివల్ల లాభం లేదు, దానికీ అదే 24 గంటలు. మా వాడు తిరిగి అక్కడికి చేరాకే మళ్లీ పంపాడు, మా వాడు వెంటనే తీసుకున్నాడు. అప్పుడు పడింది 已收款.

రెడ్ ప్యాకెట్‌లో మాటలు ఇంకోలా ఉంటాయి

రెడ్ ప్యాకెట్ పంపే స్క్రీన్‌లో కిందే హెచ్చరిక ఉంటుంది:

```
未领取的红包,将于24小时后发起退款
```

"తీసుకోని ప్యాకెట్లకి 24 గంటల తర్వాత రీఫండ్ మొదలుపెడతాం" అని అర్థం. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, 发起 అంటే మొదలుపెట్టడం. అంటే గడియారం 24 గంటలు కొట్టగానే డబ్బు చేతిలో పడుతుందని ఈ వాక్యం మాట ఇవ్వట్లేదు. రెండోది, ఇక్కడ 退还 కాకుండా 退款 (త్వేక్వాన్) వాడారు. రీఫండ్ అనేది సిస్టమ్ చేసే పని.

ట్రాన్స్‌ఫర్‌లో అయితే 退还 అని కనిపిస్తే దానికి రెండు దారులున్నాయి. గడువు దాటి సిస్టమే తిప్పి పంపి ఉండొచ్చు, లేదా అవతలి మనిషే "నాకొద్దు" అని తిరిగి ఇచ్చేసి ఉండొచ్చు. తీసుకునేవాళ్ల స్క్రీన్‌లో దానికోసం ఆప్షన్ ఉంటుంది. అందుకే వెనక్కి రాగానే "నా డబ్బు తిప్పికొట్టాడు" అని ఫీలైపోకండి. పంపిన టైమ్, తిరిగి వచ్చిన టైమ్ చూడండి. మధ్యలో సరిగ్గా ఒక రోజు ఉంటే అది గడువు. పది నిమిషాలే ఉంటే అది మనిషి. రెడ్ ప్యాకెట్ వద్దనుకుంటే తెరవకుండా వదిలేస్తే చాలు, దానంతటదే వెళ్లిపోతుంది.

గ్రూప్‌లో పంపిన ప్యాకెట్ ఇంకొంచెం వేరు. ఉగాదికి సీనియర్ ఒకరు 100 యువాన్లని పది ముక్కలుగా చేసి తెలుగు గ్రూప్‌లో వేశారనుకోండి. ఏడుగురే తీశారు. అప్పుడు పంపినవాళ్లకి ఇలా కనిపిస్తుంది:

```
已领取7/10个,共68.50/100.00元
```

పదిలో ఏడు తీసుకున్నారు, 100లో 68.50 పోయింది. 24 గంటలు దాటాక మిగతా 31.50 మాత్రమే వెనక్కి వస్తుంది. తీసుకున్నవాళ్ల డబ్బు కదలదు. పది ముక్కలూ అయిపోయాక మీరు నొక్కితే 手慢了,红包派完了 అని వస్తుంది. "చెయ్యి స్లో అయింది, ప్యాకెట్లు అయిపోయాయి" అని అర్థం. ఇది గడువు కాదు, మీ వంతు దొరకలేదంతే. గడువు దాటినది నొక్కితే మాత్రం వాక్యంలో 24小时 అనే ముక్క ఉంటుంది: ఈ ప్యాకెట్‌కి 24 గంటలు దాటాయి, మీరు ముందే తీసుకుని ఉంటే రికార్డులో చూసుకోండి అని చెప్తుంది.

డబ్బు తీసుకోవడానికి పాస్‌వర్డ్ అడిగితే

యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని మనందరికీ తెలుసు. ఇక్కడా అంతే. చాట్‌లో వచ్చిన ప్యాకెట్ తెరవడానికి గానీ, ట్రాన్స్‌ఫర్ స్వీకరించడానికి గానీ పేమెంట్ పాస్‌వర్డ్ (支付密码) అక్కర్లేదు. ఎర్ర కవర్ బొమ్మ నొక్కగానే వెబ్ పేజీ తెరుచుకుని, పాస్‌వర్డో కార్డ్ నంబరో అడిగితే, లేదా పది గ్రూపుల్లో షేర్ చేయమంటే, అది రెడ్ ప్యాకెట్ కాదు. అసలుది చాట్‌లోనే తెరుచుకుంటుంది.

చైనాలో ఉన్న మీ వాళ్లకి చెప్పాల్సింది ఒక్కటే. ఎవరైనా స్క్రీన్‌షాట్ చూపిస్తే అంకె చూసి ఊరుకోవద్దు, దాని పైన ఉన్నది 已నా 待నా చూడండి. 待 అయితే అది ఎప్పుడు తీసిన స్క్రీన్‌షాటో అడగండి, ఆ మెసేజ్‌ని ఇప్పుడు మళ్లీ తెరిచి చూపించమనండి. సెలవులకి ఫ్లైట్ ఎక్కబోయే ఫ్రెండ్‌కి డబ్బివ్వాలంటే, అతను అక్కడున్నప్పుడే పంపి, ఎదురుగానే నొక్కించండి.