బాబాయి పాలసీ, తమ్ముడి ఈమెయిల్

తెనాలిలో ఉండే మా బాబాయికి 71 ఏళ్లు. ఆయన పేరునా పిన్ని పేరునా కలిపి ఒకే ఆరోగ్య బీమా పాలసీ ఉంది. ఏటా జూన్ 14 అర్ధరాత్రితో దాని గడువు అయిపోతుంది. మూడేళ్లు సక్రమంగానే కట్టారు. నాలుగో ఏడు కట్టే రోజు వచ్చిందని ఎవరికీ తెలియలేదు. కంపెనీ మెసేజ్‌లు పంపకపోలేదు. అవి పాలసీ చేయించిన ఏజెంటు ఫోనుకు వెళ్లాయి. ఫారం నింపినప్పుడు ఆయన తన నంబరే రాసుకున్నాడు, తర్వాత ఆ పని మానేసి ఊరు మారాడు. ఈమెయిల్ మాత్రం బాబాయిదే. ఎప్పుడో కొడుకు తెరిచి ఇచ్చినది, దాని పాస్‌వర్డ్ కూడా ఆయనకు గుర్తులేదు.

జూన్ 19న బాబాయికి నిమోనియా వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. పాలసీ నడుపుదలలో లేదని బీమా కౌంటర్ దగ్గర చెప్పేదాకా పిన్నికి సంగతి తెలియదు. డాలస్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే, "అయ్యో, ఇంకా 30 రోజుల గ్రేస్ ఉంటుందమ్మా, కట్టేస్తాను" అన్నాడు. కట్టాడు కూడా. కానీ ఆ అయిదు రోజుల బిల్లు వాళ్లే భరించాల్సి వచ్చింది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఏడాదికి ఒకేసారి ప్రీమియం కట్టే ఆరోగ్య పాలసీకి గడువు దాటాక 30 రోజుల గ్రేస్ ఉన్న మాట నిజమే. ఆ లోపు కడితే పాలసీ తెగిపోకుండా నిలుస్తుంది. బాబాయికి బీపీ, షుగర్ పాలసీకి ముందు నుంచే ఉన్నాయి. అలాంటి జబ్బులకు కంపెనీలు పెట్టే నిరీక్షణ కాలం మూడేళ్లకు మించకూడదన్నది ఇప్పటి నిబంధన. ఆయన ఆ మూడేళ్లూ గడిపేశాడు, గ్రేస్‌లో కట్టడం వల్ల ఆ లెక్క చెడలేదు. గ్రేస్ కాపాడేది ఈ లెక్కనే. గడువు తీరిన రోజుకూ డబ్బు అందిన రోజుకూ మధ్య ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చుకు రక్షణ ఉండదు. (వాయిదాల్లో కట్టే పాలసీలకు ఇది వేరు, వాటికి గ్రేస్‌లోనూ రక్షణ కొనసాగుతుంది.) ఇక 30 రోజులూ దాటితే మళ్లీ కొత్త పాలసీ కిందే లెక్క. 71 ఏళ్ల మనిషికి అది ఇస్తారో లేదో కూడా చెప్పలేం.

కంపెనీని తప్పుపట్టడానికీ లేదు. రెన్యూవల్ నోటీసు పంపడానికి ప్రయత్నిస్తామనీ, పంపి తీరాలన్న బాధ్యత మాత్రం తమకు లేదనీ పాలసీ షరతుల్లో ఉంటుంది. ఆ వాక్యం చదివాకే, నోటీసు తన ఈమెయిల్‌కు కూడా రావాలని తమ్ముడు ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు.

మొదటి ఉత్తరం తన పేరుతోనే, డాలస్ నుంచే పంపాడు. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: పాలసీదారు కోరితేనే వివరాలు మారుస్తాం అని. కోపం వచ్చినా అది న్యాయమే. పాలసీ బాబాయిది. కొడుకునని చెప్పుకునే ఎవరో రాసిన మెయిల్‌తో కంపెనీ ఆయన ఆరోగ్యం సంగతులు మరొకరికి పంపడం మొదలుపెడితే అదే పెద్ద ప్రమాదం. నామినీగా తమ్ముడి పేరు ఉన్నా, బాబాయి బతికుండగా దానివల్ల ఈ హక్కు రాదు.

రెండో ఉత్తరం బాబాయి సంతకంతో, ఆయన ఈమెయిల్ నుంచే వెళ్లింది. తమ్ముడికి దాని నకలు పెట్టారు. ఆధార్‌లో మొదటి ఎనిమిది అంకెలు మూసేసిన ప్రతి జతచేశారు. ఇంగ్లీషులో రాసిన ఆ ఉత్తరం సారం ఇది:

"నా పాలసీలో ఉన్న మొబైల్ నంబరు నాది కాదు, దాని బదులు కింద ఇచ్చిన నా నంబరు చేర్చండి. నా ఈమెయిల్ అలాగే ఉంచి, అదనంగా నా కుమారుడి ఈమెయిల్‌కు కూడా రెన్యూవల్ నోటీసులు, ప్రీమియం మార్పు, ఈ పాలసీ ఉపసంహరణకు సంబంధించిన నోటీసులు, క్లెయిమ్‌పై మీరు అడిగే ప్రశ్నలు పంపండి. ఇందుకు నా సమ్మతి ఉంది. ఎప్పుడైనా దీన్ని వెనక్కి తీసుకునే హక్కు నాదే. రెండో ఈమెయిల్ చేర్చే వీలు లేకపోతే నాది తీసివేయకుండా ఆ విషయం రాతపూర్వకంగా తెలపండి."

మొబైల్ విషయంలో తమ్ముడు ముందు తన నంబరే ఇవ్వాలనుకున్నాడు. ఆ గడిలో పట్టేది పది అంకెల మన దేశపు నంబరే. పట్టినా ఇవ్వకూడదంటాను నేను. ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే, ఆసుపత్రిలో అర్ధరాత్రి ఓటీపీ అడిగితే పిన్ని చేతిలో ఉండాల్సిన ఫోను అది.

ఆ చివరి వాక్యమే అక్కరకొచ్చింది. చాలా కంపెనీల రికార్డులో ఈమెయిల్‌కు ఒకటే గడి ఉంటుంది. "కూడా" అన్న మాటకు అక్కడ చోటే లేదు. కొత్తది రాస్తే పాతది పోతుంది. ఈ కంపెనీదీ అదే పరిస్థితి. మొబైల్ మార్చి ఎండార్స్‌మెంట్ కాగితం పంపింది, రెండో ఈమెయిల్ కుదరదంది.

అప్పుడు చేసింది ఇంటి ఏర్పాటు. బాబాయి జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, Settings లోని Forwarding and POP/IMAP లో Add a forwarding address నొక్కి తమ్ముడి ఈమెయిల్ ఇచ్చారు. అక్కడికి వచ్చిన లింకును అతను ఒప్పుకున్నాక, కంపెనీ పేరున్న ఉత్తరాలు మాత్రమే వెళ్లేలా ఒక ఫిల్టర్ పెట్టారు. బాబాయి మిగతా ఉత్తరాలు బాబాయివే. ఫిల్టర్‌కు పాలసీ నంబరు పెడదామనుకున్నారు గానీ, కొన్ని కంపెనీల్లో రెన్యూవల్ అయినప్పుడల్లా ఆ నంబరు మారిపోతుంది. ఒక్క పంపే చిరునామానే నమ్ముకున్నా చిక్కే, నోటీసు ఒక చిరునామా నుంచీ రసీదు ఇంకో చిరునామా నుంచీ వస్తుంటాయి. అందుకే కంపెనీ పేరు పెట్టారు. ఒక లోటు మాత్రం మిగిలింది: జీమెయిల్ స్పామ్‌లో పడేసిన ఉత్తరం అలా ముందుకు వెళ్లదు. బాబాయి కంపెనీ చిరునామాలను తన కాంటాక్ట్స్‌లో చేర్చుకున్నాడు. నెలకోసారి స్పామ్ చూసే పని పిన్ని తీసుకుంది.

ఇది పనిచేస్తోందో లేదో వచ్చే జూన్ దాకా ఆగి తెలుసుకోవడం తెలివైన పని కాదు. బాబాయి కంపెనీకి ఫోన్ చేసి, పన్ను కోసం ఇచ్చే ప్రీమియం సర్టిఫికెట్ మెయిల్ చేయమన్నాడు. అది తెనాలిలో తెరుచుకున్న కాసేపటికి డాలస్‌లోనూ కనిపించింది.

తమ్ముడు తన క్యాలెండర్‌లో జూన్ 14 అని రాసుకుంటే నేను కొట్టేయించాను. ఇక్కడ 14 అర్ధరాత్రి అయ్యేసరికి డాలస్‌లో అదే రోజు మధ్యాహ్నం ఒకటిన్నర. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఎనిమిదికి కడితే ఇక్కడ 15 ఉదయం ఆరున్నర, పాలసీ అప్పటికే తెగింది. ఇప్పుడతని క్యాలెండర్‌లో మే 20 ఉంది. ఆ రోజుకు నోటీసు రాకపోయినా, కంపెనీ వెబ్‌సైటు తెరిచి పాలసీ నంబరు కొట్టి ఎంత కట్టాలో చూస్తాడు. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కి మాత్రం కట్టడు. ఆ మొత్తం నిరుటికంటే పది శాతం మించి పెరిగిందేమో కూడా చూడాలి. వయసు మళ్లినవారి ప్రీమియాన్ని ఏడాదిలో అంతకుమించి పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో కంపెనీలకు చెప్పింది.

మొన్న పిన్ని ఫోన్ చేసింది. అద్దంలో ఉన్న పాత క్యాలెండర్ తీసి, ఆ చోట ఎండార్స్‌మెంట్ కాగితం పెట్టిందట. దాని మీద బాబాయి పది అంకెల నంబరు కనిపించేలా.