చెరకు రసం బండి దగ్గర రెండు లెక్కలు

ఎండలో దాహమేస్తే మనలో చాలామందికి తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది. కూల్‌డ్రింకు చెడ్డది, చెరకు రసం మంచిది, పళ్ల రసం ఇంకా మంచిది. అందులో కొంత నిజం ఉంది కానీ, ఆ తీర్పు రెండు వేరువేరు లెక్కల్ని ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. ఒకటి చక్కెర లెక్క, రెండోది శుభ్రత లెక్క. ఒకదాంట్లో మంచి మార్కులు తెచ్చుకున్న పానీయం రెండోదాంట్లో తప్పడం మామూలే.

ముందు చక్కెర సంగతి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో చెరకు రసం ప్రస్తావన ఉంది: 100 మిల్లీలీటర్ల రసంలో 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుందని, కాబట్టి తక్కువగా తాగమని. పెద్దవాళ్లకు రోజుకు 30 గ్రాములు, ఏడు నుంచి పదేళ్ల పిల్లలకు 24 గ్రాములు దాటొద్దని కూడా చెప్పింది. ఇప్పుడు కోలా సీసా లేబుల్ చూడండి. 100 మిల్లీలీటర్లకు పది, పదకొండు గ్రాముల దగ్గర ఉంటుంది. అంటే సమాన కొలతలో చెరకు రసమే తీపిలో ముందుంది. బండి మీద ఇచ్చే పావు లీటరు గ్లాసులో ఐసు, నిమ్మరసం పోగా అసలు రసం 200 మిల్లీలీటర్లు ఉందనుకున్నా, 26 నుంచి 30 గ్రాముల చక్కెర లోపలికి వెళుతుంది. పావు లీటరు కోలా తాగినా దాదాపు అంతే. ఒక్క గ్లాసుతో పెద్దవాళ్ల రోజు కోటా పూర్తయిపోతుంది, పిల్లల కోటా దాటిపోతుంది.

'కానీ అది సహజమైన చక్కెర కదా' అనే మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. చెరకు రసంలో ఉండేది ప్రధానంగా సుక్రోజు, మన పంచదార డబ్బాలో ఉండేదీ అదే. ఇంట్లో పంచదార కూడా చెరకు నుంచే వచ్చింది, ఎక్కడో ఆకాశం నుంచి ఊడిపడలేదు. రసంలో కొన్ని ఖనిజాలు, రంగునిచ్చే పదార్థాలు అదనంగా ఉంటాయి, నిజమే. చక్కెరను శరీరం తీసుకునే తీరును అవి పెద్దగా మార్చవు.

పళ్ల రసాల దగ్గర ఈ విషయం ఇంకా తేటగా కనిపిస్తుంది. ఒక బత్తాయి వలిచి తొనలు నములుతూ తింటే పది నిమిషాలు పడుతుంది. చక్కెర పీచు మధ్య, కణాల గోడల లోపల చిక్కుకుని ఉండటంతో నెమ్మదిగా బయటికొస్తుంది, కడుపు నిండినట్టూ ఉంటుంది. జ్యూస్ షాపులో అదే గ్లాసుకు మూడు, నాలుగు కాయలు పిండుతారు. వడపోతలో పీచు పోతుంది, రెండు నిమిషాల్లో గ్లాసు ఖాళీ అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నాటి సిఫారసుల్లో పళ్ల రసంలోని చక్కెరను పంచదార, తేనె సరసనే చేర్చి పరిమితం చేయమంది. పండులోని చక్కెరను మాత్రం ఆ లెక్కలోకి తీసుకోలేదు. తేడా అంతా పిండడంలోనే ఉంది.

బత్తాయి రసం లెక్క వేసి చూద్దాం. నీళ్లు కలపని రసంలో 100 మిల్లీలీటర్లకు ఎనిమిది, తొమ్మిది గ్రాముల చక్కెర ఉంటుంది. గ్లాసులో 180 మిల్లీలీటర్ల రసం ఉంటే దాదాపు 15 గ్రాములు. ఇక్కడితో ఆగితే కోలా కంటే మేలే. అయితే కాయ పుల్లగా ఉందని రెండు చెంచాల పంచదారో, పక్కనే సీసాలో కలిపి పెట్టుకున్న పంచదార నీళ్లో పోస్తారు. మరో పది గ్రాములు. మొత్తం 25కి చేరి కోలా పక్కన నిలబడుతుంది. ద్రాక్ష రసానికైతే ఆ సాయం కూడా అక్కర్లేదు, దానంతటదే కోలా కంటే తీపి. పుచ్చకాయ రసం వీటన్నిటికంటే తేలిక. అందుకే జ్యూస్ చెప్పేటప్పుడు 'పంచదార వద్దు' అన్న ఒక్క మాటకు చాలా విలువ ఉంది. పెట్టెల్లో అమ్మే మామిడి పానీయాల సంగతి వేరే. అవి రసాలు కావు, కొద్దిపాటి మామిడి గుజ్జుకు నీళ్లు, పంచదార కలిపిన పానీయాలు. పెట్టెకు ముందువైపున్న మామిడిపండు బొమ్మను వదిలేసి వెనకవైపు మొత్తం చక్కెరలు ఎన్ని గ్రాములో చూడాలి. ఆ అంకె 100 మిల్లీలీటర్లకు ఇస్తారు కాబట్టి పెట్టె పరిమాణంతో హెచ్చవేసుకోవాలి. పెట్టెల మీద 'నూరు శాతం పళ్ల రసం' అనే మాట తీసేయమని మన ఆహార భద్రతా సంస్థ 2024 జూన్‌లో కంపెనీలను ఆదేశించింది కూడా.

ఇక రెండో లెక్క. దీనికి చెరకు బండి దగ్గర పది నిమిషాలు నిలబడి చూస్తే చాలు. గడలు నేల మీదో, గోడకు ఆనించో ఉంటాయి. పొలం మట్టి కణుపుల దగ్గర ఇంకా అంటుకునే ఉంటుంది. కత్తితో గీకిన గడ మిషన్‌లోకి వెళుతుంది. మొదటిసారి రసం ధారగా కారుతుంది. బయటికొచ్చిన పిప్పిని మడిచి, మధ్యలో అల్లం ముక్క, అరచెక్క నిమ్మకాయ పెట్టి మళ్లీ తోస్తారు. అలా మూడు, నాలుగు సార్లు. గడ చర్మం మీద ఏముందో అదంతా రసంలోకి దిగడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఉండదు. మధ్యలో ఆ చేయే చిల్లర తీసుకుంటుంది, ఈగలు తోలుతుంది, ఐసు ముక్కలు అందుకుంటుంది.

అసలు చూడాల్సింది రోలర్ల సందుల్ని. చెరకు రసం కోలాలాగా పుల్లటిది కాదు. దాని ఆమ్లత చాలా తక్కువ, చక్కెర పుష్కలం, కాబట్టి బ్యాక్టీరియాకూ ఈస్టుకూ అది విందు. రాత్రి కడగకుండా వదిలేసిన మిషన్‌లో రసం ఎండి, పొద్దున్నే జిగురుగా, కాస్త పులిసిన వాసనతో ఉంటుంది. ఆ రోజు మొదటి గ్లాసులు ఆ జిగురును కడుక్కుంటూ వస్తాయి. బండి తెరిచిన వెంటనే తాగడం తాజాదనం అనుకుంటాం కానీ, మిషన్‌ను మంచి నీళ్లతో కడిగి మొదలుపెట్టారో లేదో చూడకపోతే ఆ నమ్మకానికి ఆధారం లేదు. అలాగే గడను చీల్చినప్పుడు లోపల ఎర్రటి చారలు, వాటి మధ్య తెల్ల మచ్చలు, పులుపు వాసన ఉంటే అది రైతులు ఎర్రకుళ్లు అనే తెగులు. అలాంటి గడ రసం వద్దని చెప్పి వచ్చేయొచ్చు.

రంగు చూసి తాజాదనం పోల్చుకుంటామనేవాళ్లకు ఒక హెచ్చరిక. పిండిన రసం గాలి తగిలి నల్లబడటానికి కారణం అందులోని ఎంజైములు. నిమ్మరసం ఆ నల్లబాటును ఆలస్యం చేస్తుంది. అంటే నిమ్మ కలిపి జగ్గులో పెట్టిన పాత రసం కూడా లేతపచ్చగానే కనిపించవచ్చు. గ్లాసులో పిండే ఆ కొద్దిపాటి నిమ్మ క్రిముల్ని చంపేస్తుందని కూడా భరోసా లేదు. జగ్గులోది కాకుండా కళ్ల ముందు పిండించుకోవడమే దారి.

అన్నిటికంటే పెద్ద అనుమానం ఐసు మీద. గడ్డకట్టించడం క్రిముల్ని చంపదు, దాచిపెడుతుంది. చేపల పెట్టెలకూ పాల డబ్బాల చుట్టూ పేర్చడానికీ తయారుచేసే దిమ్మలు మంచినీటితోనే చెయ్యాలన్న పట్టింపు లేదు. ఆ దిమ్మలే గోనెసంచిలో చుట్టుకుని, ఫుట్‌పాత్ మీద సుత్తితో పగిలి, జ్యూస్ బండికి చేరుతుంటాయి. తినడానికి పనికిరాని ఐసును గుర్తుపట్టేలా నీలం రంగు వెయ్యాలని మహారాష్ట్రలో 2018లో ఆదేశించింది ఇందుకే. కలుషితమైన నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ, టైఫాయిడ్ ఐసుతోనూ రాగలవు.

ఇక్కడే బండి తప్పించుకునే కిటుకు ఉంది. విరేచనాలు రేపటికో ఎల్లుండికో పట్టుకుంటే నిన్న తాగిన రసం గుర్తొస్తుంది. హెపటైటిస్ ఎ మాత్రం ఒంట్లోకి చేరాక సగటున నాలుగు వారాలకు బయటపడుతుంది. ఇ రకానికి ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు. కళ్లు పచ్చబడేనాటికి నెల కిందటి గ్లాసు ఎవరికి గుర్తుంటుంది? పైగా మన ఇళ్లలో పచ్చకామెర్లు వచ్చినవాళ్లకు చలవ చేస్తుందని తెచ్చి తాగించేది చెరకు రసమే. ఏ నీళ్ల వల్ల జబ్బు వచ్చిందో ఆ ఐసు వేసిన గ్లాసే మందుగా తిరిగి రావడం నాకు ఎప్పుడూ వింతగా అనిపిస్తుంది. ఐసు లేకుండా, కడిగిన మిషన్ మీద, కడిగిన గ్లాసులో పిండించుకుంటే చెరకు రసం ప్రమాదంలో పెద్ద భాగం తగ్గిపోతుంది. కడిగిన గ్లాసు అంటే ఒకే బకెట్ నీళ్లలో ముంచి తీసింది కాదు, పారే నీటి కింద కడిగింది.

జ్యూస్ షాపు మిక్సీకీ ఇదే వర్తిస్తుంది. బ్లేడు కింద రబ్బరు వాషర్ దగ్గర మామిడి, పాలు, సపోటా వరసగా పేరుకుంటాయి. ముందే కోసి పెట్టిన పుచ్చ, బొప్పాయి ముక్కలు ఎండలో గంటలు గడిపితే పండు లోపలి తీపే క్రిములకు పొలమవుతుంది.

ఈ లెక్కలో కూల్‌డ్రింకు గెలుస్తుంది, ఒప్పుకోవాల్సిందే. ఘాటైన ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్, మూసిన సీసా ఉన్నచోట రోగక్రిములు బతకడం కష్టం. అంతమాత్రాన మచ్చలేనిదని కాదు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2003లో ఈ సీసాల్లో పురుగుమందుల అవశేషాలు కనిపెట్టింది, పార్లమెంటు సంయుక్త సంఘం మరుసటి ఏడు ఆ ఫలితాలు నిజమేనంది. ఆ ఆమ్లమే పళ్ల పైపొరను కూడా తింటుంది. పరాయి ఊళ్లో, నీళ్ల మీద నమ్మకం లేనిచోట, ఐసు వేయించుకోకుండా మూత తీసి తాగే చిన్న సీసా బండి జ్యూస్ కంటే భద్రం. మూసిన మంచినీళ్ల సీసా దొరికితే ఆ చక్కెర కూడా ఎందుకు?

కొబ్బరిబొండాం రెండు లెక్కల్లోనూ తేలికగా నెగ్గుతుంది. నీళ్లలో 100 మిల్లీలీటర్లకు రెండున్నర నుంచి ఐదు గ్రాముల చక్కెర, అంటే ఓ మోస్తరు కాయకు పది, పదిహేను గ్రాములు. కాయ పగలకుండా ఉంటే లోపల క్రిములుండవు. మురికి చేరేది కత్తి నుంచి, స్ట్రా నుంచి, ముందే కొట్టి సంచిలోకో సీసాలోకో పోసిపెట్టిన నీళ్ల నుంచి. పీచు చెక్కేసి ప్లాస్టిక్ చుట్టి అమ్మే కాయలు మాత్రం ఫ్రిజ్‌లోనే ఉండాలి. డెన్మార్క్‌లో అలాంటి కాయను వారాల తరబడి బయట పెట్టి తాగిన ఒక పెద్దాయన బూజు విషంతో చనిపోయినట్టు వైద్యులు 2021లో నమోదు చేశారు. రుచి తేడాగా ఉంటే ఒక్క గుక్క దగ్గరే ఊసేయాలి.

వాంతులు, విరేచనాలప్పుడు బొండాం ఒక్కదాన్నే నమ్ముకోవడం సరికాదు. ఒంట్లోంచి పోయేది ఎక్కువగా సోడియం, కొబ్బరినీళ్లలో ఉండేది ఎక్కువగా పొటాషియం. ఆ పనికి ఓఆర్ఎస్ పొట్లమే సరైంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, పొటాషియం పెంచే బీపీ, గుండె మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా బొండాం తాగకూడదు. ఒక్కో కాయలో అరగ్రాము, ఒక్కోసారి అంతకు మించి పొటాషియం ఉంటుంది. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది.