ఒక్క జీతం ఇంటికి ఎంత నిల్వ ఉండాలి?

2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. అంతకు నెల ముందే, ఏడాదిలో 35 రోజులకు మించి ఎవరూ ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద ఉండకూడదన్న నిబంధన తెచ్చింది. దేశంలోనే అతి పెద్ద ఐటీ సంస్థలో పరిస్థితి ఇదైతే, చిన్న కంపెనీల్లో, కాంట్రాక్టు కొలువుల్లో ఉన్నవారి సంగతి చెప్పక్కర్లేదు. భార్యాభర్తలిద్దరూ సంపాదించే ఇంట్లో ఒకరి ఉద్యోగం పోతే రెండో జీతం ఆదుకుంటుంది. ఒక్కరే సంపాదించే ఇంట్లో ఆ నెల నుంచే రాబడి సున్నా.

ఇలాంటి ఇళ్లకు తరచూ వినిపించే సలహా, ‘ఆరు నెలల జీతం పక్కన పెట్టుకోండి’ అని. వినడానికి తేలికగా ఉంటుంది గానీ అందులో రెండు లోపాలున్నాయి. ఉద్యోగం పోయాక ఇల్లు గడవాల్సింది ఖర్చులతో కాబట్టి లెక్క జీతం నుంచి కాక ఖర్చు నుంచి మొదలవ్వాలి. ఇక ఆ ‘ఆరు’ అనే సంఖ్య అందరికీ సరిపోదు. ఎవరి నెలలు వారే లెక్కేసుకోవాలి.

హైదరాబాద్ మియాపూర్‌లో అద్దెకుండే ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. భర్త ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే గ్యారంటీ ఉన్న ఉద్యోగంలో ఉన్నాడు, చేతికి నెలకు 85 వేలు వస్తాయి. భార్య ఇల్లు చూసుకుంటుంది. ఇద్దరు పిల్లలు స్కూల్లో చదువుతున్నారు. బీపీ, షుగర్ ఉన్న అతని తల్లి వాళ్లతోనే ఉంటుంది.

ముందుగా, ఉద్యోగం లేకపోయినా ఆగని నెలవారీ ఖర్చులు రాయాలి. అద్దె, మెయింటెనెన్స్ కలిపి 19 వేలు. సరుకులు, పాలు, కూరగాయలు, గ్యాస్ 15 వేలు. కరెంటు, ఇంటర్నెట్, ఫోన్లు 3,500. అమ్మ మందులు 3,500. పెట్రోలు, ప్రయాణాలు 2,500. బైకు లోను కిస్తీ 4 వేలు, చీటీ వాయిదా 5 వేలు. మొత్తం 52,500. హోటల్ భోజనాలు, సినిమాలు, ఓటీటీ, సిప్ ఇందులో రావు. అవి ఆ రోజే ఆపేయగలిగినవి.

చీటీ దగ్గర కాస్త ఆగాలి. వీళ్లు చీటీ ఇప్పటికే పాడుకున్నారు. పాడుకున్న చీటీ అంటే అప్పే. వాయిదా ఆపితే జామీను ఇచ్చినవారి మీద పడుతుంది. ఇంకా పాడని చీటీ అయితే అది పొదుపు కిందికి వస్తుంది. కాబట్టి చీటీ ఉన్న ప్రతి ఇల్లూ అది ఏ రకమో చూసుకుని రాసుకోవాలి.

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది తర్వాతి మెట్టులో. నెలనెలా కనబడని, ఏడాదికోసారి వచ్చే ఖర్చులు లెక్కలోంచి జారిపోతాయి. ఈ ఇంట్లో పిల్లల ఫీజులు, స్కూలు బస్సు కలిపి 1,20,000. టర్మ్ ఇన్సూరెన్స్ 18 వేలు. బండి ఇన్సూరెన్స్, సర్వీసింగ్ 6 వేలు. వీటికి తోడు, ఉద్యోగం ఉన్నంతకాలం కనిపించని ఖర్చు ఇంకొకటి ఉంది. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది. సొంతంగా నలుగురికీ, విడిగా అమ్మకూ పాలసీ తీసుకుంటే ఏడాదికి 60 వేలు అనుకుందాం. ఆ పాలసీ ఉద్యోగం ఉండగానే తీసుకోవడం మంచిది. కొత్త పాలసీలో ప్రమాదాలు తప్ప మిగతా జబ్బులకు మొదటి 30 రోజులు క్లెయిమ్ ఉండదు. ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ లాంటి వాటికి మూడేళ్ల వరకూ ఆగాల్సి రావచ్చు. ఇవన్నీ కలిపి ఏడాది ఖర్చు 2,04,000.

దీన్ని పన్నెండుతో భాగించి నెలకు 17 వేలు అని రాసుకోవచ్చు. నెలనెలా పక్కన పెట్టడానికి ఆ లెక్క బాగానే ఉంటుంది. నిల్వ లక్ష్యానికి మాత్రం పనికిరాదు. ఉద్యోగం మే నెలలో పోతే జూన్‌లో ఫీజులు నెలకింత అని అడగవు, ఒక్కసారే మీద పడతాయి. అందుకే ఏడాది ఖర్చును లక్ష్యంలో పూర్తిగా కలపాలి.

ఇక ఎన్ని నెలలు? అతని పనిలోనే ఉన్న స్నేహితులకు, పోయినసారి అతనికి కొత్త ఉద్యోగం దొరకడానికి ఎంత కాలం పట్టిందో అడిగి తెలుసుకోవాలి. వాటిలో సగటు కాకుండా ఎక్కువ పట్టిన కాలాన్ని తీసుకోవాలి. అది ఆరు నెలలు అనుకుందాం. ఆఫర్ వచ్చిన రోజే డబ్బు రాదు. పత్రాల పరిశీలన, చేరే తేదీ, ఆ తర్వాత నెలాఖరు జీతం, వీటన్నిటికీ రెండు నెలలు. మొత్తం ఎనిమిది. నోటీసు జీతం, తుది లెక్కల సొమ్ము వస్తాయి కదా అని నెలలు తగ్గించుకోకూడదు. అవి చేతికి వచ్చేసరికి ఆలస్యం కావచ్చు. వచ్చినప్పుడు అదనపు ఊపిరి అవుతాయి.

ఇప్పుడు లెక్క తేలింది. 52,500ను ఎనిమిదితో గుణిస్తే 4,20,000. దానికి 2,04,000 కలిపితే 6,24,000. చుట్టేస్తే ఆరు లక్షల పాతిక వేలు. ఆరు నెలల జీతం సలహా పాటిస్తే వచ్చేది 5,10,000. లక్షకు పైగా తక్కువ.

ఆరు లక్షలంటే గుండె గుభేలుమంటుంది. ఖర్చు 52,500, ఏడాది ఖర్చుల కోసం 17 వేలు తీశాక ఈ ఇంట్లో మిగిలేది దాదాపు 15 వేలు. అదంతా దాచినా మూడున్నరేళ్లు పడుతుంది. దగ్గరి దారి ఒకటుంది. బైకు లోను, చీటీ తీరిపోతే నెలకు 9 వేల ఖర్చు తగ్గుతుంది. దాంతో ఎనిమిది నెలల లక్ష్యం 72 వేలు దిగివస్తుంది, పొదుపు 15 వేల నుంచి 24 వేలకు పెరుగుతుంది. కాబట్టి ముందుగా రెండు నెలల ఖర్చు కూడబెట్టి, ఆ తర్వాత చిన్న అప్పులు త్వరగా తీర్చి, మళ్లీ నిల్వ మీద పడటం లాభం. జీతం ఆలస్యమవుతున్నా, ప్రాజెక్టు ముగింపు తేదీ దగ్గరపడుతున్నా ఆ వరస మార్చి చేతిలో నగదు పెంచుకోవాలి.

ఈ డబ్బు ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. రెండు నెలల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో ఉంటే చాలు. మిగతాది ఒకే పెద్ద ఎఫ్‌డీగా కాక 50 వేల చొప్పున విడివిడిగా వేస్తే, అవసరానికి ఒక్కదాన్నే గడువుకు ముందు విరుచుకోవచ్చు. వడ్డీ కోత ఆ ఒక్కదానికే పడుతుంది. ఒక బ్యాంకులో ఒకరి పేర ఉన్న డిపాజిట్లకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా ఉంటుంది కాబట్టి, ఆరు లక్షలను రెండు బ్యాంకుల్లో పెట్టడం భద్రం. ఖాతా భార్యాభర్తలిద్దరి పేరా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఉండాలి. సంపాదించే మనిషే ఆస్పత్రిలో ఉంటే సంతకం కోసం ఎదురుచూసే పరిస్థితి రాకూడదు.

బంగారం, పీఎఫ్, షేర్లు, క్రెడిట్ కార్డు పరిమితి ఈ లెక్కలోకి రావు. షేర్ల మార్కెట్ పడిపోయిన రోజుల్లోనే ఉద్యోగాలు కూడా పోవచ్చు. కార్డు మీద బాకీ పెరిగితే నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడవచ్చు. బంగారం మీద అప్పు నిల్వ అయిపోయాక చూసుకోవాల్సిన రెండో వరస.

ఒక ఆదివారం గడిచిన పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, ఆగని ఖర్చులను ఒక కాగితం మీద, ఏడాదికోసారి వచ్చేవాటిని ఇంకో కాగితం మీద భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాయండి. అద్దె పెరిగినప్పుడు, పిల్లల ఫీజులు మారినప్పుడు, ఒక కిస్తీ తీరినప్పుడు ఆ అంకెలు దిద్దుకోండి. మీ ఇంటి లక్ష్యం ఆ రెండు కాగితాల్లోనే ఉంటుంది.