గులాబీ రంగు పోయాక మిగిలే లెక్క

కారు చౌడు పట్టిన మడిని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. తడిపితే జిగురుజిగురుగా కాలికి అంటుకుంటుంది, ఆరితే రాయిలా బిగుసుకుపోతుంది, పైన నల్లటి పొర తేలుతుంది. పెట్టిన నీరు రోజుల తరబడి ఇంకదు. నేల పుట్టుకతోనే అలాంటిదైతే చేసేది వేరు. కానీ నిన్నమొన్నటిదాకా బాగా పండిన చెలక బోరు వేశాక నాలుగైదేళ్లలో ఇలా తయారైతే, ముందు అనుమానించాల్సింది ఆ బోరు నీటినే. నీటిలో కార్బొనేట్, బైకార్బొనేట్ ఎంతెంత ఉన్నాయో తెలిస్తే ఆ అనుమానం తీరుతుంది.

ఈ రెండూ మన ఇంట్లో ఉన్నవే. బట్టల సోడా సోడియం కార్బొనేట్, వంటసోడా సోడియం బైకార్బొనేట్. నీటిలో రెండూ కలిసి కరిగి ఉన్నప్పుడు కంటితో విడదీయలేం. రెండూ క్షారాలే, రెండూ ఆమ్లంతో కలుస్తాయి. అయినా ఒకే ఫ్లాస్కులో, ఒకే ఆమ్లంతో, రెండు రంగు చుక్కల సాయంతో వాటిని విడివిడిగా కొలవవచ్చు. దీన్ని వార్డర్ పద్ధతి అంటారు. ఇంటర్, డిగ్రీ ల్యాబుల్లో చేయించేదీ, నీటి పరీక్ష కేంద్రాల్లో రోజూ చేసేదీ ఇదే.

దీని కిటుకంతా కార్బొనేట్ నడతలో ఉంది. అది ఆమ్లాన్ని ఒక్కసారిగా తీసుకోదు, రెండు విడతల్లో తీసుకుంటుంది. మొదటి విడతలో బైకార్బొనేట్‌గా మారుతుంది. రెండో విడతలో ఆ బైకార్బొనేట్ బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా విడిపోతుంది.

CO₃²⁻ + H⁺ → HCO₃⁻
HCO₃⁻ + H⁺ → CO₂ + H₂O

మొదటి విడత పూర్తయ్యేసరికి నీటి పీహెచ్ సుమారు 8.3 దగ్గర ఉంటుంది. ఫినాల్ఫ్తలీన్ గులాబీ రంగు పోయేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. రెండో విడత ముగిసేసరికి పీహెచ్ 4 దరిదాపులకు దిగుతుంది. అక్కడ మిథైల్ ఆరెంజ్ పసుపు నుంచి నారింజకు తిరుగుతుంది. నీటిలో మొదటి నుంచీ ఉన్న బైకార్బొనేట్ మొదటి విడతలో కదలదు. తన వంతు వచ్చేదాకా ఆగి, కార్బొనేట్ నుంచి కొత్తగా పుట్టిన బైకార్బొనేట్‌తో కలిసి రెండో విడతలో ఆమ్లాన్ని తీసుకుంటుంది.

ఒక నమూనాతో చేసి చూద్దాం. పిపెట్‌తో 50 మిల్లీలీటర్ల బోరు నీరు ఫ్లాస్కులోకి తీసుకుని రెండు చుక్కల ఫినాల్ఫ్తలీన్ వేశాం. లేత గులాబీ రంగు వచ్చింది. అంటే కార్బొనేట్ ఉందన్నమాట. బ్యూరెట్‌లో 0.02 నార్మల్ గంధకామ్లం నింపి చుక్కచుక్కగా వదిలితే 1.0 మిల్లీలీటరు దగ్గర గులాబీ పోయింది. అదే ఫ్లాస్కులో ఇప్పుడు రెండు చుక్కల మిథైల్ ఆరెంజ్ వేస్తే నీరు పసుపు తిరిగింది. బ్యూరెట్ మళ్లీ నింపకుండా ఆమ్లం వదులుతూ పోతే 22.0 దగ్గర నారింజ రంగు వచ్చింది. అంటే మొదటి విడతకు 1.0, ఆ తర్వాత అదనంగా 21.0 మిల్లీలీటర్లు పట్టింది.

ఈ కొలతల్లో బ్యూరెట్‌లోని ఒక్కో మిల్లీలీటరూ లీటరు నీటిలోని 0.4 మిల్లీ ఈక్వివలెంట్లకు సమానం. ఆమ్లం బలం 0.02ను 1000తో హెచ్చించి, నమూనా 50తో భాగిస్తే వచ్చే అంకె అది.

మొదటి విడతలో పట్టిన 1.0 కార్బొనేట్‌కు సగం వంతే. అదే కార్బొనేట్ రెండో విడతలోనూ ఇంకో 1.0 తీసుకుంది. అందుకే కార్బొనేట్ వాటా 2.0 మిల్లీలీటర్లు, అంటే లీటరుకు 0.8. రెండో విడతలో పట్టిన 21.0లో కార్బొనేట్ తిన్న ఆ 1.0 తీసేస్తే మిగిలిన 20.0 అసలు బైకార్బొనేట్‌ది, అంటే లీటరుకు 8.0. మొత్తం 8.8.

విద్యార్థులు తడబడేది ఇక్కడే. మొదటి రీడింగును రెట్టింపు చేయాలని గుర్తుంచుకుంటారు, దాన్నే రెండో దానిలోంచి తీసేయాలన్నది మరిచిపోతారు. అప్పుడు బైకార్బొనేట్ 8.4 అవుతుంది, మొత్తం 9.2 అవుతుంది. కార్బొనేట్ సగం వంతును రెండుసార్లు లెక్కపెట్టినట్టు. బ్యూరెట్ మీద కనిపించిన 22.0ను ‘రెండో విడత’ అనుకుని అందులోంచి 1.0 తీసినా ఇదే తప్పు వస్తుంది. తప్పు జరిగిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన దారి ఉంది. విడివిడిగా వచ్చిన రెండు అంకెల మొత్తం, బ్యూరెట్ చివరి రీడింగును 0.4తో హెచ్చిస్తే వచ్చేదానికి సమానం కావాలి. 22ను 0.4తో హెచ్చిస్తే 8.8. మీ మొత్తం 9.2 వచ్చిందంటే ఎక్కడో ఒకదాన్ని రెండుసార్లు కలిపారు.

రీడింగులే ఇంకో సంగతీ చెబుతాయి. వేయగానే గులాబీ రంగు రాకపోతే నీటిలో కొలవదగ్గ కార్బొనేట్ లేదు, ఉన్నదంతా బైకార్బొనేటే. రెండు విడతలకూ సమానంగా పడితే ఉన్నది కార్బొనేట్ ఒక్కటే. మొదటిదానికంటే రెండోది తక్కువైతే అందులో కాస్టిక్ సోడా లాంటి ఘాటైన క్షారం ఉన్నట్టు. బోరు నీటిలో మామూలుగా అలా ఉండదు. అలా వచ్చిందంటే ఫ్లాస్కు సరిగ్గా కడగలేదేమో, సీసాలో సబ్బు మిగిలిందేమో చూసుకోవాలి.

ఇక రంగుల సంగతి. ఈ పరీక్షలో బలహీనమైన చోటు మొదటి విడత ముగింపే. గులాబీ రంగు ఒక్క చుక్కతో టక్కున పోదు. ముదురు గులాబీ లేతబడి, ఇంకా లేతబడి, ఎక్కడ పోయిందో తెలియకుండా జారిపోతుంది. బైకార్బొనేట్ ద్రావణం పీహెచ్ మార్పును అడ్డుకునే గుణం ఉన్నది కాబట్టి అక్కడ వాలు నిదానంగా ఉంటుంది. ఒకరు 1.0 దగ్గర ఆపితే ఇంకొకరు 1.2 దగ్గర ఆపుతారు. దీనికి పాత ల్యాబుల్లో ఒక మంచి అలవాటు ఉండేది. స్వచ్ఛమైన వంటసోడా ద్రావణంలో అన్నే చుక్కల ఫినాల్ఫ్తలీన్ వేసి పక్కన పెట్టుకునేవారు. పరీక్ష ఫ్లాస్కులోని రంగు దానితో సరిపోయినప్పుడు ఆపేవారు. ఆ ద్రావణం కూడా పూర్తిగా తెల్లగా ఉండదు, చిన్న గులాబీ ఛాయ మిగిలే ఉంటుంది. రంగు పూర్తిగా పోయేదాకా ఆమ్లం పోయడం ఎందుకు ఎక్కువో అది కళ్ల ముందే చూపిస్తుంది.

ఇంకో పొరపాటు ఆత్రం. ఆమ్లాన్ని ధారగా వదిలితే అది పడిన చోట కార్బొనేట్ ఒకేసారి రెండు విడతలూ దాటేసి బొగ్గుపులుసు వాయువు అయిపోతుంది. మిగతా ఫ్లాస్కులో మొదటి విడత ఇంకా పూర్తయి ఉండదు. అందుకే ఫ్లాస్కును తిప్పుతూ, నీరు చల్లగా ఉండగా, చుక్కచుక్కగా వదలాలి. రెండో ముగింపులో ఇబ్బంది వేరు. పుట్టిన వాయువు నీటిలోనే నిలిచి రంగును ముందుగానే తిప్పేస్తుంది. బాగా కుదిపి వాయువును పోనిస్తే, పసుపు తిరిగి వస్తుందో లేదో తేలిపోతుంది.

రైతు దృష్టితో చూస్తే అసలు విషయం ఇప్పుడొస్తుంది. మొదటి ముగింపును 1.0 బదులు 1.2గా చదివామనుకోండి. రెండో విడత 21.0 బదులు 20.8 అవుతుంది. కార్బొనేట్ 0.8 నుంచి 0.96కు పెరుగుతుంది. అంటే అయిదో వంతు తప్పు, చిన్నదేమీ కాదు. బైకార్బొనేట్ 8.0 నుంచి 7.84కు తగ్గుతుంది. కానీ రెండూ కలిపితే మళ్లీ 8.8. ఒకదానిలో పెరిగింది మరోదానిలో తగ్గింది. వాటాలు చెదిరాయి, మొత్తం చెదరలేదు. నమూనా సీసా మూత తీసి ఉంచితే గాలితో వాయువు ఇచ్చిపుచ్చుకోవడం వల్ల జరిగేదీ అలాంటిదే. కార్బొనేట్, బైకార్బొనేట్‌ల వాటాలు మారతాయి, మొత్తం మారదు. పీహెచ్ కూడా మారుతుంది. కాబట్టి సీసాలో రెండు రోజులు నిలవున్న నీటి పీహెచ్‌ను చూసి బోరును తీర్పు చెప్పకూడదు.

భూమికి కావలసింది కూడా ఆ మొత్తమే. 1950లో ఫ్రాంక్ ఈటన్ అనే శాస్త్రవేత్త సాగునీటికి ఒక కొలమానం ప్రతిపాదించారు. కార్బొనేట్, బైకార్బొనేట్‌ల మొత్తంలోంచి కాల్షియం, మెగ్నీషియంల మొత్తాన్ని తీసేస్తే మిగిలేది అవశేష సోడియం కార్బొనేట్. నీరు నేలలో ఆరిపోతున్నప్పుడు కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్‌తో కలిసి సున్నంలా గడ్డకట్టి పక్కకు తప్పుకుంటాయి. ఇంకా మిగిలిన కార్బొనేట్‌కు తోడు సోడియమే. ఆ సోడియమే బంకమట్టి రేణువులను విడదీసి నేలను బిగిస్తుంది, మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని కరిగించి నల్లటి పొరగా పైకి తెస్తుంది. కారు చౌడు అంటే అదే.

మన నమూనాలో కాల్షియం, మెగ్నీషియం కలిపి 3.0 ఉన్నాయనుకుందాం. 8.8లోంచి తీస్తే 5.8. సాధారణంగా 1.25 లోపు ఉంటే నీరు మంచిదని, 2.5 దాటితే సాగుకు పనికిరాదని లెక్క. ఈ నీరు ఆ గీత దాటి చాలా దూరం వచ్చేసింది.

అయితే పనికిరాదన్నంత మాత్రాన బోరు మూయాల్సిన పనిలేదు. జిప్సం కలిపితే కాల్షియం పెరిగి ఆ అవశేషం తగ్గుతుంది. లీటరుకు ఒక మిల్లీ ఈక్వివలెంట్ తగ్గాలంటే వెయ్యి లీటర్ల నీటికి 86 గ్రాముల స్వచ్ఛమైన జిప్సం కరగాలి. 5.8ను 2.5కు దించాలంటే 3.3 తగ్గాలి, అంటే వెయ్యి లీటర్లకు దాదాపు 284 గ్రాములు. ఎకరం మీద అంగుళం మందాన నీరు పెడితే అది లక్ష లీటర్లకు కాస్త పైమాటే. అందుకు సుమారు 29 కిలోలు కావాలి. బజారులో దొరికే జిప్సం అంత స్వచ్ఛంగా ఉండదు కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఒక్క 1.0, ఒక్క 22.0 అనే రెండు రీడింగుల్లోంచి ఈ 29 కిలోలు వచ్చాయి. అందుకే రైతులకు నేను చెప్పేది ఒక్కటి. బోరును కాసేపు నడిపించాక, శుభ్రమైన సీసాలో గాలి మిగలకుండా నింపి, అదే రోజు పరీక్షకు ఇవ్వండి. పీహెచ్, లవణాల అంకెలు మాత్రమే రాసిన కాగితంతో సరిపెట్టుకోకండి. కార్బొనేట్, బైకార్బొనేట్, కాల్షియం, మెగ్నీషియం నాలుగూ ఒకే సీసాలోంచి కొలిచి, విడివిడిగా రాసి ఇమ్మని అడగండి.